దాళ్వా డబ్బే ఏడాది జీతం

అన్నయ్య గారికి నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్న పేరు మీద రెండెకరాలు, కౌలుకి ఇంకో రెండెకరాలు, మొత్తం నాలుగెకరాల వరి చేస్తున్నాను. మామూలుగా ఎకరాకి వానాకాలం పంట సార్వాలో 30 బస్తాలు, ఆ తర్వాత వేసే రెండో పంట దాళ్వాలో 45 అవుతాయి. కౌలు సార్వాకి పది బస్తాలు, దాళ్వాకి పదిహేను. ఖర్చు ఎకరాకి సార్వాలో 28 వేలు, దాళ్వాలో 30 వేలు. పెట్టుబడి లక్షా ఇరవై వేలు మా ఊరి ధాన్యం వ్యాపారి ఇస్తాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ, పంట ఆయనకే తోలాలి. బస్తాకి 1,600 కడతాడు. మా ఆవిడ జాకెట్లు కుడుతుంది, నెలకి సగటున నాలుగు వేలు వస్తాయి. ఇంటికి నెలకి 11 వేలు, పిల్లల ఫీజులూ పండగలూ కలిపి ఏడాదికి మరో 30 వేలు అవుతాయి. గత అక్టోబర్‌లో మోంథా తుఫానుకి చేను పడిపోయి ఎకరాకి 18 బస్తాలే వచ్చాయి. రంగు మారిందని 1,400 కట్టారు. దాళ్వా ఇప్పుడు పొట్ట దశలో ఉంది. కోతల నాటికి బాకీ వడ్డీతో కలిపి లక్షా అరవై వేలు అవుతుంది. డబ్బు చేతికొచ్చిన నెల బాగానే ఉంటాం. తర్వాత ఎవరు ఫోన్ చేసినా గుండె దడ. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి లెక్కలేసుకుంటాను, ఏదీ తేలదు. ఊరికే పిల్లల మీద అరుస్తున్నాను. సంపాదన పెరిగితే తప్ప ఈ టెన్షన్ పోదా?
— పేరు రాయవద్దు

తమ్ముడూ, సంపాదన పెరగాలా వద్దా అన్నది చెప్పేముందు ఒకటి తేల్చుకోవాలి. మీకు ఏడాదికి వచ్చేది చాలడం లేదా? లేక చాలినంత వస్తున్నా, కావలసిన నెలలో చేతిలో ఉండడం లేదా? రెండింటికీ గుండె దడ ఒకటే, చేయాల్సిన పని మాత్రం వేరు. చాలకపోతే కౌలు తగ్గించుకోవాలి, లేదా ఇంకో పని చూసుకోవాలి. వేళకి లేకపోవడమే ఇబ్బంది అయితే డబ్బుని నెలల మీద పరచాలి. బ్యాంకులో పంట రుణాలు చూసిన రోజుల్లో నా దగ్గరికి వచ్చిన రైతుల్లో చాలామంది ఈ తేడా చూడకుండానే ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకునేవారు. ఎక్కువ చేస్తే ఎక్కువ మిగులుతుందని ఆశ. నిజానికి ఎక్కువ చేస్తే తుఫానుకి పోయేదీ ఎక్కువే. మీరు అంకెలన్నీ రాసి మంచిపని చేశారు, వాటితోనే చూద్దాం.

ముందు మామూలు ఏడాది. సార్వాలో నాలుగెకరాలకి 120 బస్తాలు, కౌలు 20 పోతే 100. బస్తా 1,600 చొప్పున 1,60,000. ఖర్చు 1,12,000 తీసేస్తే 48,000 మిగులుతుంది. దాళ్వాలో 180 బస్తాలు, కౌలు 30 పోతే 150. అంటే 2,40,000, ఖర్చు 1,20,000 పోతే మిగిలేదీ 1,20,000. తిండికి ఉంచుకునే గింజలు కూడా అమ్మినట్టే వేశాను, ఆ బియ్యం ఖర్చు మీ నెల ఖర్చులో ఉందనుకోండి. కుట్టుపని 48,000 కలిపితే ఏడాదికి 2,16,000. ఇంట్లో అయ్యేది నెలకి 11,000 చొప్పున 1,32,000, ఫీజులూ పండగలూ 30,000, మొత్తం 1,62,000. పైకి చూస్తే 54,000 మిగలాలి. మరి మీకెందుకు కనబడటం లేదు? వడ్డీ. లక్షా ఇరవై వేలు ఏడాది పొడవునా వ్యాపారి దగ్గర తిరుగుతూనే ఉంది కాబట్టి, నెలకి 2,400 చొప్పున ఏడాదికి 28,800. అది పోతే మిగిలేది 25,200.

ఇప్పుడు తుఫాను ఏడాది. సార్వాలో 72 బస్తాలు, కౌలు అవే 20. మిగిలిన 52కి 1,400 చొప్పున 72,800. ఖర్చు మాత్రం తగ్గదు కాబట్టి 39,200 నష్టం. మామూలు సార్వాతో పోలిస్తే 87,200 తేడా. దాళ్వా బాగానే పండినా ఆ ఏడాది వడ్డీ పోగా మీకు దొరికేది ఒక్క లక్ష, ఇంటికి కావలసింది 1,62,000. అంటే 62,000 లోటు. మామూలు ఏడాదిలో మిగిలేది 25,200 అయితే, ఒక తుఫాను లోటు పూడటానికి రెండున్నర మంచి ఏళ్లు కావాలి. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్న కోనసీమలో వరసగా రెండున్నర మంచి ఏళ్లు దొరుకుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే మీ బాకీ తరగడం లేదు. మీ చేతకానితనం ఏమీ లేదు ఇందులో.

అదే పెట్టుబడి బ్యాంకు పంట రుణంగా వచ్చిందనుకోండి. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, అంటే మీకు ఏడాదికి 8,400. గడువులోగా కట్టేస్తే మూడు శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఆ తగ్గింపు లేదనే వేసుకుందాం. అయినా మామూలు ఏడాది మిగులు 45,600 అవుతుంది, తుఫాను ఏడాది లోటు దాదాపు 42,000కి దిగుతుంది. అంటే ఒక మంచి ఏడాది ఒక చెడ్డ ఏడాదిని మోయగలదు. మీ ఉత్తరం చదివాక నేను పట్టుకున్నది ఈ ఒక్క అంకెనే. ఇంకో రెండెకరాలు చేసే అవసరం లేదు. మీ పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తోందో అది మారాలి, వచ్చిన డబ్బు నెలల మీద పరుచుకోవాలి. మీది ఎక్కువగా రెండో రకం ఇబ్బందే, కాకపోతే వడ్డీ దాన్ని మొదటి రకంలా చేసి చూపిస్తోంది.

ఇక ఏడాదిని కాగితం మీద పెట్టండి. పన్నెండు నెలలూ వరసగా రాసి, ప్రతి నెల కింద డబ్బు నిజంగా చేతిలో పడే తేదీలే వేయండి. కోత తేదీ వేరు, డబ్బు తేదీ వేరు. సార్వా నవంబర్‌లో కోసినా ఆరబెట్టి, తోలి, డబ్బు పడేసరికి డిసెంబర్. దాళ్వా ఏప్రిల్‌లో కోస్తే మే. ఖర్చుల వైపు చూస్తే కాలువకి నీళ్లు వదిలే జూన్‌లోనే బడులు తెరుస్తారు. నారుమడీ, దమ్మూ, ఫీజులూ అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మీ ఆవిడకి కుట్టుపని తగ్గుతుంది, శ్రావణంలో మళ్లీ పుంజుకుంటుంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా చేతిలో రూపాయి ఉండదు, ఉన్నదంతా చేలో ఉంటుంది, తుఫాన్ల కాలమూ అక్టోబర్‌లోనే మొదలవుతుంది. మీకు మెలకువ వచ్చే రాత్రులు ఎక్కువగా ఏ నెలల్లోవో ఆ కాగితం పక్కన పెట్టి చూసుకోండి.

కాగితం పూర్తయ్యాక ఇంకోటి కనబడుతుంది. సార్వా మామూలుగా పండితే మిగిలేది 48,000, అదీ పండితేనే. దాళ్వా కోతల వేళకి తుఫాను భయం తక్కువ, దిగుబడి ఎక్కువ. కాబట్టి మీ ఇంటికి జీతం ఇచ్చేది దాళ్వా. సార్వా బోనస్ లాంటిది, వస్తే వచ్చింది. చాలామంది దీన్ని తిరగేసి చూస్తారు. సంక్రాంతి ముందు వచ్చే సార్వా డబ్బు మీద ఆశ పెట్టుకుని, మేలో వచ్చిన దాళ్వా డబ్బుని పెళ్లిళ్లకీ చీటీలకీ ఇచ్చేస్తారు. ఆగస్టుకి చేతులు ఖాళీ.

మీకు నెలకి 11,000 కావాలి, కుట్టుపని 4,000 ఇస్తుంది. పొలం ఇవ్వాల్సింది 7,000. దాళ్వా డబ్బు మేలో వస్తే జూన్ నుంచి డిసెంబర్ దాకా ఏడు నెలలు అదే మోయాలి, అంటే 49,000. ఏడాది ఫీజులూ పండగలూ 30,000 కూడా మేలోనే పక్కన పెట్టేయాలి. మొత్తం 79,000. సార్వా డబ్బు జనవరి నుంచి మే దాకా ఐదు నెలలకి, 35,000. మామూలు ఏడాదిలో, బ్యాంకు రుణంతో, దాళ్వా మిగులు 1,20,000లో 79,000, అర్ధ సంవత్సరం వడ్డీ 4,200 పోతే 36,800 ఉంటుంది. సార్వాలో 8,800. ఈ రెండూ కలిపిందే ఇందాక చెప్పిన 45,600. దానికి తుఫాను డబ్బు అని పేరు పెట్టి, పేరుకి తగ్గట్టే వాడండి.

అయితే ఈ మే అలా ఉండదు. చేతికి వచ్చే 2,40,000లో బాకీ 1,60,000 కట్టేస్తే 80,000 ఉంటుంది. డిసెంబర్ దాకా కావలసింది 79,000. వెయ్యి రూపాయలు మిగులు, తుఫాను డబ్బు సున్నా. నేను ఇందులో తీపి కబురు కలపను. ఈ ఏడాది సార్వాకి మీకు వెనక ఏ ఆసరా లేదు, దాని సంగతి కింద చెబుతాను. కానీ ఒకటి గమనించండి. బాకీ తీరాక కూడా ఇల్లు డిసెంబర్ దాకా గడుస్తుంది, సార్వా పెట్టుబడి ఒక్కటే బయట నుంచి రావాలి. ఈ సంగతి రాత్రి మూడింటికి మీ బుర్రలో తేలలేదు, ఎందుకంటే అక్కడ బాకీ, ఫీజు, యూరియా, ఇల్లు అన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి.

ఆ 79,000 డిసెంబర్ దాకా నిలబడాలంటే అది మీ రోజువారీ ఖాతాలో ఉండకూడదు. పంట డబ్బు పడే ఖాతా ఒకటి, ఇంటి ఖాతా ఒకటి చేయండి. ఇంటి ఖాతా మీ ఆవిడ పేరు మీద ఉంటే మంచిది, నెల ఎలా గడుస్తుందో ఆవిడకే ఎక్కువ తెలుసు. పంట ఖాతా నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన 7,000 దానంతట అదే ఇంటి ఖాతాకి వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని అడిగితే చేస్తారు. ఫోన్‌పే, గూగుల్‌పే ఇంటి ఖాతాకే కలపండి. పంట ఖాతాకి కలిపారంటే ఈ ప్లాన్ జూలై దాటదు. ఫీజుల 30,000 నుంచి జూన్‌లో కట్టేది తీసి, పండగలది చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. చీటీలో వేయకండి. చీటీ పాట మీకు అవసరమైన నెలలో మీకే వస్తుందని లేదు.

మే నెలలో బంధువులు వస్తారు. "ధాన్యం తోలావంట కదా బావా, ఓ ఇరవై సర్దు" అంటారు. చేతిలో ఉన్నంతవరకు లేదనడం మన వైపు కష్టం, నాకు తెలుసు. డబ్బు డిపాజిట్లో ఉండి, నెలకి ఏడు వేలే వస్తుంటే ఆ మాటే చెప్పొచ్చు. అబద్ధం ఆడక్కర్లేదు.

ఇక బ్యాంకు. పొలం నాన్నగారి పేరు మీద ఉందని మీరు ఆగిపోయి ఉంటారు. ఆగక్కర్లేదు. నాన్నగారే పట్టాదారు కాబట్టి కిసాన్ క్రెడిట్ కార్డుకి ఆయన దరఖాస్తు చేయాలి. అరవై దాటిన వారికి వారసుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా ఉండాలని బ్యాంకులు అడుగుతాయి, అక్కడ మీరు సంతకం పెడతారు. పట్టాదారు పాస్‌బుక్, 1బి, అడంగల్, ఇద్దరి ఆధార్ కార్డులు, ఫొటోలు పట్టుకెళ్లండి. వేరే బ్యాంకుల్లో బాకీ లేదన్న పత్రం అడిగితే అది కూడా. 2025 జనవరి నుంచి రెండు లక్షల దాకా వ్యవసాయ రుణానికి తనఖా అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, మేనేజరు పొలం తనఖా రిజిస్ట్రేషన్ అంటే ఆ మాట గుర్తుచేయండి. నాన్నగారికి పాత రుణం ఏదైనా మొండిపడి ఉంటే మాత్రం అది తేలేదాకా కొత్తది రాదు. ఆ సంగతి వెళ్లిన మొదటి రోజే అడిగి తెలుసుకోండి.

సొంత రెండెకరాల మీద ఎంత ఇస్తారన్నది జిల్లాలో ఎకరాకి ఇంతని కట్టిన లెక్కని బట్టి ఉంటుంది. మొత్తం పెట్టుబడికి అది చాలకపోవచ్చు. కౌలు రెండెకరాలకి రుణం అడగాలంటే పంట సాగుదారు హక్కుల కార్డు కావాలి, దాన్నే జనం సీసీఆర్సీ అంటారు. 2019 చట్టం ప్రకారం ఇచ్చే ఈ కార్డు పదకొండు నెలలు చెల్లుతుంది, భూమి యజమాని సంతకం ఉండాలి. యజమానులు సంతకానికి జంకేది భూమి మీద హక్కు పోతుందని. ఆ కార్డు పంట మీద హక్కే ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. గ్రామ రెవెన్యూ అధికారి ఎదుటే ఈ మాట చెప్పించండి, మీరు చెబితే నమ్మకపోవచ్చు. కార్డు రాకపోయినా ఈ-పంట నమోదు మాత్రం ఆ రెండెకరాలకీ మీ పేరు మీదే ఉండేలా చూసుకోండి. యజమాని పేరు మీద ఉంటే రైతు సేవా కేంద్రంలో అమ్మిన ధాన్యం డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, బీమా కూడా అంతే.

వ్యాపారిని ఒకేసారి వదిలేయమని చెప్పను. అర్ధరాత్రి ఆసుపత్రి అవసరం వస్తే డబ్బిచ్చేది ఆయనే, బ్యాంకు మేనేజరు కాదు. ఈ సార్వాకి బ్యాంకు నుంచి ఎంత వస్తే అంత తెచ్చుకుని, తక్కువ పడినంత వరకే ఆయన దగ్గర తీసుకోండి. అలా తీసుకునేటప్పుడు పంటంతా తోలాలన్న షరతు ఆ మొత్తానికి సరిపడా బస్తాలకే అని ముందే మాట్లాడుకోండి. ఆయన వడ్డీలో సగం బస్తా ధరలో దాగి ఉంది. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, 75 కిలోల బస్తాకి దాదాపు 1,777. మీకు పడేది 1,600. రైతు సేవా కేంద్రానికి తోలితే తేమ 17 శాతం లోపు ఉండాలి, ఆరబెట్టే కూలీ, హమాలీ, రవాణా ఉంటాయి. అన్నీ పోయి బస్తాకి 80 రూపాయలే మిగిలినా, 250 బస్తాలకి 20,000. ఆ డబ్బు నా లెక్కలో ఎక్కడా వేయలేదు. వస్తే నేరుగా తుఫాను డబ్బులోకి వెళ్లాలి. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ కూడా ఖాతాలో పడ్డాకే లెక్కలోకి తీసుకోండి, ముందే ఖర్చు పెట్టుకోకండి.

ఆసరా లేని ఈ సార్వా సంగతికి వద్దాం. మొదటిది బీమా. పంటల బీమాలో రైతు కట్టేది బీమా మొత్తంలో సార్వాకి 2 శాతం, దాళ్వాకి ఒకటిన్నర శాతం. పంట రుణం తీసుకుంటే బ్యాంకు వాళ్లే మినహాయించుకుంటారు, మినహాయించారో లేదో పాస్‌బుక్‌లో చూసుకోండి. కౌలు ఎకరాలకి మీరే కట్టుకోవాలి, ఆఖరి తేదీ రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. వరికి నష్టం లెక్క ఊరి సగటు మీద కడతారు. మీ ఒక్క చేలోనే డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుని నీళ్లు నిలబడితే, ఊరంతా బాగుందని మీకు ఏమీ రాకపోవచ్చు. కోసి పనలు చేలో ఉండగా వాన పడితే వేరే నిబంధన ఉంది. కోసిన 14 రోజుల లోపు జరిగిన నష్టాన్ని 72 గంటల్లో తెలియజేస్తే ఆ చేను విడిగా చూస్తారు. మీ జిల్లాకి ఆ నిబంధన వర్తింపజేశారో లేదో ఆ కేంద్రంలోనే ముందు అడగండి.

రెండోది కౌలు. కొత్త ఏడాది కౌలు మాట్లాడుకునే ముందు, అంటే దాళ్వా కోతలప్పుడే, యజమానిని ఒకటే అడగండి. సార్వా మూడోవంతు కంటే ఎక్కువ పోతే ఆ సార్వా కౌలు సగమే తీసుకోవాలని. మీకు అది పది బస్తాలు. నష్టం జరిగాక అడిగితే బతిమాలినట్టు ఉంటుంది, ముందు అడిగితే ఒప్పందం అవుతుంది. ఒప్పుకోకపోతే ఆ రెండెకరాల్లో ఏటా ముందు మునిగే చెక్క ఏదో మీకు తెలుసు, దాన్ని దాళ్వాకే తీసుకుంటానని అడిగి చూడండి. దానికీ ఒప్పుకోకపోతే ఇంకో లెక్క చూడాలి. సార్వాలో కౌలు ఎకరం మీకిచ్చేది 20 బస్తాలు, 32,000. ఖర్చు 28,000. నాలుగు వేల కోసం తుఫాను నష్టం మొత్తం మీ మీద వేసుకుంటున్నారు. కౌలు తగ్గకుండా దాన్ని చేయడం దాళ్వా కోసమే అయితే సరే, అలవాటు మీద అయితే వద్దు.

మూడోది, తుఫాను వస్తే ఏ క్రమంలో ఏం చేస్తారో ఇప్పుడే రాసి పెట్టుకోవడం. ముందు ఫొటోలు, నష్టం నమోదుకి వ్యవసాయ సహాయకుడికి చెప్పడం, బీమాకి తెలియజేయడం. తర్వాత బ్యాంకుకి రాతపూర్వకంగా, పంట రుణాన్ని వాయిదాల రుణంగా మార్చమని అడగడం. ప్రభుత్వం మీ మండలాన్ని విపత్తు కింద ప్రకటిస్తే ఇది అడగొచ్చు. ఆఖరున బంగారం. ఏ వస్తువు, ఏ బ్యాంకులో, ఏ పంట డబ్బుతో విడిపిస్తారు అన్నది మీ ఆవిడా మీరూ ఇప్పుడే అనుకుంటే ఆ రోజు గొడవ ఉండదు. బంగారం పెట్టి వ్యాపారి బాకీ తీర్చడం అర్థవంతమే, వడ్డీ తగ్గుతుంది. బంగారం పెట్టి నెల ఖర్చులు గడపడం మాత్రం ప్లాన్ పోయినట్టే.

పిల్లల మీద అరవడం గురించి. తమిళనాడులోని విళుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులకి పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తర్కం, ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. ఆ పరిశోధన 2013లో అచ్చయింది. అదే మనిషి, పంట డబ్బు రాకముందు తక్కువ తెచ్చుకున్నాడు. డబ్బు కొరత బుర్రలో చోటు ఆక్రమిస్తే మిగతా వాటికి చోటు తగ్గుతుందని వాళ్లు తేల్చింది. మీకు లెక్క తేలకపోవడం, ఓపిక పోవడం అక్కడివే. కాబట్టి పెద్ద నిర్ణయాలు, కౌలు పెంచడం, కొత్త అప్పు, పొలం అమ్మకం లాంటివి, సెప్టెంబర్‌లో తీసుకోకండి. మేలో కాగితం ముందు పెట్టుకుని తీసుకోండి.

వారానికి ఒక సాయంత్రం, ఆదివారం అనుకోండి, ఇద్దరూ అరగంట కూర్చోండి. ఆ వారం ఎవరికి ఎంత ఇవ్వాలి, ఇంటి ఖాతాలో ఎంత ఉంది, వచ్చే నాలుగు వారాల్లో ఏం రాబోతోంది. ఇంతే. రాత్రి మెలకువ వచ్చి ఏదైనా గుర్తొస్తే మంచం పక్కన పుస్తకంలో ఒక లైను రాసి ఆదివారానికి వదిలేయండి, రాత్రి ఫోన్‌లో లెక్కలు మొదలుపెట్టకండి. మొదటి రెండు మూడు వారాలు ఆదివారం మాటలు దెబ్బలాటలోకి వెళ్తాయి, అది మామూలే. అరగంట దాటనివ్వకుండా ఆపేస్తే చాలు.

ప్లాన్ పనిచేస్తోందా లేదా అన్నది ఇంటి ఖాతా చెబుతుంది. వరసగా రెండు నెలలు ఇరవయ్యో తేదీకి ముందే ఖాళీ అయితే 11,000 అన్న అంకె తప్పు. ఎక్కడ ఎక్కువ పోతోందో చూసి అంకె మార్చాలి, లేదా ఖర్చు మార్చాలి, పంట ఖాతా ముట్టకూడదు. ఇంటి ఖర్చుకి కొత్తగా చేబదులు తీసుకుంటే అది రెండో గుర్తు. ఈ రెండూ సరిచేసినా వరసగా రెండు మామూలు ఏళ్లలో తుఫాను డబ్బు పోగవకపోతే, మీకు నిజంగానే ఆదాయం చాలడం లేదు. అప్పుడు సంపాదన పెంచే మాట మాట్లాడదాం, మళ్లీ రాయండి. ఇప్పుడు కాదు.

నిద్ర ఇలాగే రెండు వారాలకి మించి పట్టకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, పొలం దగ్గర షెడ్డులోనో వేరేచోటో తాళం వేసి పెట్టించండి.

నాన్నగారిని తీసుకుని బ్యాంకుకి కోతలకి ముందే వెళ్లండి. కాలువకి నీళ్లు వదిలాక ఆ కౌంటరు దగ్గర నిలబడటానికి చోటుండదు. జూన్‌లో దరఖాస్తు పెట్టి ఆగస్టులో డబ్బు వస్తే, నాట్ల ఖర్చుకి మళ్లీ వ్యాపారి గుమాస్తా దగ్గరే సంతకం పెట్టాల్సి వస్తుంది.